దారి ఒక్కటే ఉన్న ఆట, దారి గీయని ఆట

శ్రోతలకు నమస్కారం.

మన ఊళ్ళలో నెట్ సెంటర్లు వెలిగిన రోజుల్లో గంటకు ఇంత అని చెల్లించి ఆటలు ఆడినవారికి, 2002లో వచ్చిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో వైస్ సిటీ గుర్తుండే ఉంటుంది. ఆ ఆటలో అప్పగించిన పనులను పక్కన పెట్టి, కంటికి నచ్చిన కారు లాక్కుని, సముద్రం ఒడ్డున ఊరికే తిరిగినవారే ఎక్కువమంది. అయితే ఆ తిరుగుడులో ఒక చిత్రమైన విషయం ఉండేది. తుఫాను హెచ్చరిక పేరుతో మొదట్లో వంతెనలన్నీ మూసి ఉంచేవారు. కథలో కొంత ముందుకు వెళ్తే తప్ప రెండో దీవికి దారి తెరుచుకోదు. అయినా ఆ ఆట ఆడినవారిని అడిగితే ఎక్కడికైనా వెళ్ళనిచ్చే ఆట అనే చెబుతారు, మూసిన వంతెనను ఎవరూ తలచుకోరు. స్వేచ్ఛ ఉందన్న భావనకూ, నిజంగా తెరిచి ఉన్న దారుల లెక్కకూ మధ్య ఉన్న ఈ ఎడం గురించే ఈ పూట నా ప్రసంగం.

ఆటలోని స్థలాన్ని అమర్చడానికి స్థూలంగా రెండు పద్ధతులున్నాయి. ఒక గది తరువాత మరో గది, ఒక ఘట్టం తరువాత మరో ఘట్టం, అందరికీ ఒకే వరుసలో ఎదురయ్యేలా కట్టినదాన్ని లీనియర్ అంటారు. ఒక విశాలమైన ప్రదేశాన్ని ముందే పరిచిపెట్టి, ఎటు పోవాలో ఆడేవారికే వదిలేసినదాన్ని ఓపెన్ వరల్డ్ అంటారు. మొదటిదానిలో స్వేచ్ఛ లేదనీ, రెండోదానిలో అంతా స్వేచ్ఛే అనీ వాడుకలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అది ఎంతవరకు నిలుస్తుందో రెండు ఆటలను దగ్గరగా చూసి పరిశీలిద్దాం.

మొదటిది వాల్వ్ సంస్థ 2007లో విడుదల చేసిన పోర్టల్. కొత్తగా ఆడేవారు కూడా ఒకటి రెండు రోజుల్లో ముగించగల చిన్న ఆట ఇది. ఆడేవారు ఒక ప్రయోగశాలలో బందీగా మేలుకుంటారు. చేతికి దొరికే పరికరంతో ఒక గోడ మీద ఒక ద్వారాన్నీ, మరో గోడ మీద ఇంకో ద్వారాన్నీ తెరవవచ్చు. ఒకదానిలో అడుగు పెడితే రెండోదానిలోంచి బయటపడతారు. వరుసగా అంకెలు వేసిన పరీక్ష గదులను దాటుకుంటూ పోవడమే ఆట. దారి ఒక్కటే, వరుసా ఒక్కటే.

ఆ వరుసను ఎంత ఓపికగా కట్టారో గమనించండి. మొదటి గదుల్లో ద్వారాలను ప్రయోగశాలే తెరుస్తుంది, మనం నడిస్తే చాలు. కాసేపటికి పరికరం దొరుకుతుంది గాని, అది నీలం ద్వారాన్ని మాత్రమే తెరవగలదు. రెండు ద్వారాలనూ మన ఇష్టం వచ్చినచోట తెరుచుకునే శక్తి 11వ గదిలో గాని చేతికి రాదు. అంటే ఒక చిన్న ఆలోచనను మూడు మెట్లుగా విరిచి, ఒక మెట్టు కాలికి అలవాటయ్యాకే తరువాతి మెట్టు చూపిస్తారు. ఎత్తు నుంచి ఒక ద్వారంలోకి దూకితే ఆ పడే వేగంతోనే రెండో ద్వారంలోంచి ముందుకు ఎగిరిపోవచ్చన్న సూత్రాన్ని ఒక గదిలో విడిగా నేర్పి, మరికొన్ని గదుల తరువాత వేరే చిక్కుతో కలిపి అడుగుతారు. ద్వారాలు లేత రంగు గోడల మీదే తెరుచుకుంటాయి, నల్లని లోహపు గోడల మీద తెరుచుకోవు. కాబట్టి గదిలోకి అడుగుపెట్టగానే ఏ గోడలు పనికివస్తాయో కళ్ళు వాటంతట అవే వెతుక్కుంటాయి. గదికీ గదికీ మధ్య లిఫ్టు ప్రయాణం ఉంటుంది. తరువాతి గదిని కంప్యూటర్ సిద్ధం చేసుకోవడానికి ఆ సమయం పనికివస్తుంది, ఆడేవారి బుర్రకు ఊపిరి తీసుకునే విరామంగానూ పనికివస్తుంది. లీనియర్ ఆటకున్న బలం ఇదే: ఎక్కడ బిగించాలో, ఎక్కడ సడలించాలో కట్టినవారికి ముందే తెలుసు. హరికథ చెప్పే దాసుగారికి ఎక్కడ పాట ఎత్తుకోవాలో, ఎక్కడ పిట్టకథతో నవ్వించాలో తెలిసినట్టన్నమాట.

ఇక్కడ కుతూహలం ఎక్కడ ఏముంది అన్నది కాదు. దీన్ని దాటేదెలా అన్నది. దానితో పాటు మరో కుతూహలాన్ని కూడా మెల్లగా నాటుతారు. గదుల పైభాగాన మసక అద్దాల వెనుక పరిశీలకుల గదులు కనిపిస్తాయి గాని వాటిలో మనుషుల అలికిడి ఉండదు. ఆట సగం దాటాక ఒకచోట గోడ పలక కొద్దిగా తొలగి ఉంటుంది. వెనక్కి తొంగి చూస్తే ఎవరో తలదాచుకున్న ఇరుకు చోటు, గోడల మీద చేతిరాతలు కనబడతాయి. అప్పటివరకూ మచ్చలేని తెల్లగోడలనే చూసిన కంటికి ఆ సందు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

చివరికి 19వ గదిలో, కదులుతున్న వేదిక మనల్ని నేరుగా మంటల్లోకి తీసుకుపోతుంది. అన్నాళ్ళూ తీపి కబుర్లు చెప్పిన యంత్రస్వరం, పరీక్ష పూర్తయిందని అభినందిస్తూనే ఉంటుంది. చుట్టూ చూస్తే ద్వారం తెరవగల గోడ ఒకటి పైన కనబడుతుంది. అక్కడికి ఒక ద్వారం, పక్క గోడకు ఇంకో ద్వారం వేసి మంట నుంచి తప్పించుకుంటాం. వెంటనే ఆ స్వరం కంగారుపడి, పరికరాన్ని కింద పెట్టి బోర్లా పడుకోమనీ, ఎవరో వచ్చి విందుకు తీసుకువెళతారనీ చెబుతుంది. మనం వినం. ప్రయోగశాల వెనుక ఉన్న తుప్పుపట్టిన నడవల్లోకి వెళ్ళిపోతాం.

నిజానికి ఆ నడవలు కూడా ఒకే వరుసలో కట్టినవే. అక్కడా దారి ఒక్కటే, ఆ మంట నుంచి తప్పించుకోవడమూ కట్టినవారు ముందే రాసిపెట్టుకున్నదే. అయినా ఆ ఆట మొత్తంలో అత్యంత స్వేచ్ఛగా అనిపించే ఘడియ అదే. మంట గదిలో వాడిన విద్య కొత్తది కాదు. కాకపోతే దాన్ని వాడమని ఎవరూ చెప్పలేదు, వినబడుతున్న గొంతేమో పరీక్ష అయిపోయిందంది. దారులు పెరగలేదు, కానీ నిర్ణయం మనదయింది. నా మట్టుకు, ఆటల్లో స్వేచ్ఛ గురించి ఎవరు మాట్లాడినా మొదట గుర్తుకు వచ్చేది ఈ ఇరుకు గదే.

రెండో ఆట నింటెండో సంస్థ 2017 మార్చిలో విడుదల చేసిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్. కొండలు, నదులు, ఎడారి, మంచు శిఖరాలు ఉన్న ఒక రాజ్యమంతా ఇందులో తెరిచి ఉంటుంది. కనిపించిన కొండనల్లా దాదాపుగా ఎక్కవచ్చు. మరి ఇంత విశాలమైన ఆట ఎలా మొదలవుతుందంటే, నాలుగు వైపులా నిలువుకొండలున్న ఒక పీఠభూమి మీద. గాలిలో తేలుతూ దిగనిచ్చే గ్లైడర్ చేతిలో లేకుండా అంచు నుంచి దూకితే ప్రాణం పోతుంది. ఆ గ్లైడర్ కావాలంటే పీఠభూమి మీదున్న నాలుగు చిన్న గుడుల్లోని పరీక్షలను పూర్తి చేయాలి. చెరువులో వదిలే ముందు తొట్టిలో ఈత నేర్పినట్టు, ఈ ఓపెన్ వరల్డ్ తన మొదటి పాఠాన్ని నాలుగు గోడల మధ్యనే చెబుతుంది.

ఆ పాఠం మాత్రం పోర్టల్ పాఠంలాంటిది కాదు. మొదటి గుడి తరువాత అక్కడ ఉండే ముసలాయన మిగిలిన మూడూ ఎక్కడున్నాయో చెప్పడు. ఎత్తైన చోటికి ఎక్కి నలువైపులా చూడమంటాడు. పీఠభూమిలోని ఎత్తైన గోపురం మీద నిలబడి, దూరదర్శినిలో వెతికి, కనబడినచోటును పటం మీద మనమే గుర్తు పెట్టుకోవాలి. ఒక గుడికి వెళ్ళాలంటే చలికొండ అడ్డం. ఊరికే నడిస్తే చలికి ప్రాణం తగ్గిపోతుంది. కారం మిరపకాయలతో వండుకుని తినవచ్చు, కాగడా వెలిగించి పట్టుకుని పోవచ్చు, వెచ్చని చొక్కా సంపాదించుకోవచ్చు. అడ్డు ఒక్కటే, దాటే ఉపాయాలు మూడు. వాటిలో ఏదో ఒకటి తనంతట తానే కనిపెట్టినవారికి, మిగిలిన రెండు ఉన్నాయని కూడా తెలియకపోవచ్చు.

ఇక్కడ కట్టినవారికి పెద్ద చిక్కు ఆట నడక. ఎవరు ఎప్పుడు ఎటు వెళతారో తెలియనప్పుడు బిగింపునూ సడలింపునూ ఎలా అమర్చాలి? ఆ సంస్థ వారు 2017లో జపాన్‌లో జరిగిన ఆటల నిర్మాతల సదస్సు సెడెక్‌లో తమ ఉపాయాన్ని వివరించారు. అది త్రిభుజం. నేల మీద ఉండే పెద్ద రూపాలను వీలైనంతవరకు త్రిభుజాకారంలో మలిచారు. ఎదురుగా గుట్ట వస్తే ఎక్కాలా, చుట్టి పోవాలా అన్న ప్రశ్న తనంతట తానే పుడుతుంది. పైగా వాలుగా ఉండే కొండ తన వెనుక ఉన్నదాన్ని పూర్తిగా దాచదు. మనం కదిలేకొద్దీ దాన్ని కొద్దికొద్దిగా బయటపెడుతుంది. అతి పెద్ద త్రిభుజాలు దూరం నుంచి ఆనవాళ్ళుగా ఉంటాయి, మధ్యరకం చూపును అడ్డుకుంటాయి, చిన్నవి నడకకు లయను ఇస్తాయి. గదులూ లిఫ్టులూ చేసిన పనిని ఇక్కడ నేల చేస్తుంది. ఎక్కేటప్పుడు, మిగిలిన ఓపికను తెర మీద చూపే చక్రం కరిగిపోతూ ఉంటుంది, అది బిగింపు. శిఖరం మీద ఆగి చూడటం విరామం. గ్లైడర్ మీద దిగిపోవడం వేగం. దిగుతుండగా మరో మూడు వింతలు కంటబడతాయి, అనుకున్న పని వాయిదా పడుతుంది.

ఇది మొదటి ప్రయత్నంలో కుదరలేదు. తొలినాళ్ళ పరీక్షల్లో రాజ్యమంతటా ఉన్న గోపురాలే ప్రధాన ఆకర్షణగా ఉండేవి. ఆడేవారు ఒక గోపురం నుంచి మరో గోపురానికి గీత గీసినట్టు నడిచారు. తమను ఎవరో నడిపిస్తున్నట్టుందన్నారు. పేరుకు ఓపెన్ వరల్డ్, జరిగింది లీనియర్. అప్పుడు గుడులు, శత్రువుల స్థావరాలు, గుర్రపుశాలల వంటివాటికి వేర్వేరు స్థాయిల్లో ఆకర్షణను పంచి, ఎవరి అవసరాన్ని బట్టి వారు ఒక్కో వైపు లాగబడేలా సర్దారు. ఆయుధం విరిగినవాడి కన్ను శత్రువుల స్థావరం మీద పడుతుంది, బలం పెంచుకోదలచినవాడి కన్ను గుడి మీద పడుతుంది.

ఓపెన్ వరల్డ్ ఎక్కడ చతికిలబడుతుందో ఈ ఉదాహరణ నుంచే తెలుస్తుంది. కొన్ని ఆటల్లో గోపురం ఎక్కగానే పటమంతా చుక్కలతో నిండిపోతుంది. ఆ తరువాత ఆడేవారు ముందున్న దృశ్యాన్ని కాక తెర మూలనున్న చిన్న పటాన్ని చూస్తూ నడుస్తారు. పక్కన కూర్చుని వారి కళ్ళను గమనిస్తే చాలు, కుతూహలం ఎప్పుడు పనుల జాబితాగా మారిందో చెప్పేయవచ్చు. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో గోపురం నేల రూపాన్ని మాత్రమే ఇస్తుంది, చుక్కలు ఇవ్వదు. అయినా ఆ ఆటకూ ఈ జబ్బు పూర్తిగా తప్పలేదు. గుడులు 120 ఉన్నాయి. లోపలి అలంకరణ దాదాపు ఒకటే. కొండ వెనుక ఏముంటుందో ఊహకు అందిపోయిన తరువాత, ఎక్కకుండా చుట్టి పోయేవారే ఎక్కువవుతారు.

కథ తొందరకూ తిరుగుడుకూ మధ్య వచ్చే పేచీ మరొకటి. లోకం మునిగిపోతోందని చెప్పి మనల్ని చేపలు పట్టుకోనిస్తే నవ్వు వస్తుంది. ఈ ఆటలో ప్రమాదం 100 ఏళ్ళ క్రితమే జరిగిపోయింది. రాజ్యాన్ని కూల్చిన శత్రువును రాకుమారి జెల్డా అన్నేళ్ళుగా కోటలోనే నిలిపి ఉంచింది. మనం మరో నాలుగు రోజులు ఆలస్యం చేస్తే కథ అబద్ధం కాదు. పాత సంగతులు జ్ఞాపకాలుగా, ఏ వరుసలో దొరికితే ఆ వరుసలో బయటపడతాయి.

పీఠభూమి మీద నాలుగు గుడులూ ముగించి గ్లైడర్ చేతికి వచ్చిన మరుక్షణం, శత్రువును సంహరించమన్న ఆఖరి పని పట్టికలో చేరిపోతుంది. కోట అక్కడి నుంచే కనబడుతూ ఉంటుంది. వద్దని ఆపే వంతెన గాని, తుఫాను హెచ్చరిక గాని లేదు. తిన్నగా అటే దిగినవారిని కోట చుట్టూ కాపలా ఉన్న యంత్రాలు కాల్చి పడేస్తాయి. బాగా చేయి తిరిగినవారైతే అరగంటలోపే ఆట ముగించి చూపించారు. మిగిలినవారు ఒకటి రెండు సార్లు దెబ్బతిని, కోటను అలాగే ఉండనిచ్చి, పక్కనున్న కొండ వైపు తిరుగుతారు. అటు తిరగమని ఆట వారికి ఒక్క మాటా చెప్పలేదు.

నమస్కారం.