ఇంట్లోవాళ్ల ఆసుపత్రి బిల్లుకి శాలరీ అడ్వాన్స్ అడుగుతూ మేనేజర్‌కి లెటర్ ఎలా రాయాలి?

నమస్తే అండీ. ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాసే లెటర్‌లో మనకి తెలీకుండానే బాధంతా వచ్చేస్తుంది, అది తప్పేం కాదు, కానీ మీ మేనేజర్ ఆ లెటర్‌ని హెచ్‌ఆర్‌కి, అకౌంట్స్‌కి పంపాలి కదా, వాళ్లు చూసేది ఎంత కావాలి, ఎప్పటికి కావాలి, ఎలా కడతారు, అంతే. ఇవి లేకపోతే లెటర్ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది, ఈలోపు డిశ్చార్జ్ టైమ్ అయిపోతుంది.

ఒక లెక్క చూద్దాం. చేతికొచ్చే జీతం 32,000. అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్, ఆసుపత్రి ఎస్టిమేట్ 1,40,000, ఇన్సూరెన్స్ ఒప్పుకుంది 85,000. మిగిలిన 55,000లో చేతిలో 15,000 ఉన్నాయి, అంటే అడగాల్సింది 40,000. "ఎంతిచ్చినా పర్లేదు సార్" అని మాత్రం రాయకండి, అంకె లేని రిక్వెస్ట్‌ని ఎవరూ అప్రూవ్ చేయలేరు.

(స్క్రీన్ మీద లెటర్)

సబ్జెక్ట్: అమ్మగారి ఆపరేషన్ నిమిత్తం 40,000 రూపాయల శాలరీ అడ్వాన్స్ కోసం

సార్, మా అమ్మగారికి ఈ నెల 18న ఆపరేషన్, 21న డిశ్చార్జ్. ఇన్సూరెన్స్, నా దగ్గరున్న డబ్బు పోను ఇంకా 40,000 తక్కువ పడుతోంది. 20వ తేదీలోపు అడ్వాన్స్‌గా ఇప్పించగలరని మనవి. వచ్చే నెల జీతం నుంచి నెలకి 5,000 చొప్పున 8 నెలలు కట్ చేసుకోవచ్చు. ఎస్టిమేట్, ఇన్సూరెన్స్ అప్రూవల్ లెటర్ జతచేశాను.

(వాయిస్)

8 నెలలు ఎందుకంటే, అద్దె 9,000, బైక్ ఈఎంఐ 4,200 పోయాక నెలకి 10,000 కట్ అయితే ఇల్లు గడవదు. త్వరగా ఇప్పించుకోవాలని చాలామంది పెద్ద కిస్తీ ఒప్పేసుకుని రెండో నెలకే మళ్లీ అప్పు చేస్తారు, అందుకే కిస్తీ ఎంతో ముందు మీరే రాయండి. కొన్ని కంపెనీల్లో ఒక నెల జీతం కంటే ఎక్కువ ఇవ్వరు, పాలసీ ముందే కనుక్కోండి, అలాంటిచోట 32,000కే అడిగి మిగతా 8,000 వేరే చూసుకోవాలి. పీఎఫ్ ఉన్నవాళ్లు అమ్మానాన్నల వైద్యానికి అందులోంచి కూడా అడ్వాన్స్ తీసుకోవచ్చు, అది తిరిగి కట్టక్కర్లేదు కానీ మీ రిటైర్మెంట్ డబ్బు అంత తగ్గుతుంది.

రిపోర్టులన్నీ పెట్టకండి, స్కాన్‌లు, కేస్‌షీట్ అకౌంట్స్‌వాళ్లకి అవసరం లేదు, అవి అమ్మ సొంత విషయాలు. పేరు, తేదీ, మొత్తం, ఆసుపత్రి స్టాంపు ఉన్న ఎస్టిమేట్ సరిపోతుంది.

నోటిమాటగా సరే అన్నా మెయిల్‌లో కన్ఫర్మేషన్ అడగండి, ఎంత, ఎన్ని నెలలు, వడ్డీ ఉందా లేదా, మధ్యలో మానేస్తే మిగిలింది ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పట్టుకుంటారా, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ తర్వాత ప్రతి నెల పేస్లిప్‌లో కట్ అయింది 5,000యేనా, మిగతా బాకీ ఎంత అని చూసుకోండి, తేడా ఉంటే ఆ నెలలోనే అకౌంట్స్‌కి మెయిల్ పెట్టండి.