స్టాకు లేదు, హక్కు ఉంది

శ్రోతలకు నమస్కారం.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం హన్మకొండ కోర్టు నుంచి వచ్చి ఆఫీసులో కూర్చున్నానో లేదో, పరకాల వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఒక నవల, రెండు పేజీల అగ్రిమెంటు, మడతలు పడిన నాలుగైదు రాయల్టీ కాగితాలు ఉన్నాయి. పత్తి రైతుల మీద ఆమె రాసిన ఆ నవలను 2013లో ఒక పబ్లిషరు వెయ్యి కాపీలు వేశారు. అవి ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు కరీంనగర్‌లో ఒకరు మళ్లీ వేస్తామని ముందుకొచ్చారు. పాత పబ్లిషరును అడిగితే మాత్రం, హక్కులు మావే, పుస్తకం మార్కెట్లోనే ఉంది అన్నారట.

"వకీల్ సాబ్, షాపుల అడిగితే లేదంటున్నరు. ఈయనేమో ఉన్నదంటడు. ఉంటే ఏడున్నదో చూపియ్యమనుండ్రి" అన్నారామె.

అగ్రిమెంటు తీసి ముందు కాలం గురించి ఏం రాశారో చూశాను. రాయల్టీ ఎంత శాతమని అందరూ అడుగుతారు గానీ, హక్కులు ఎన్నేళ్లకు ఇచ్చామన్నది సంతకం పెట్టేటప్పుడు చాలామంది చూడరు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 19వ సెక్షన్ రచయితకు చాలా ఉపయోగపడుతుంది. హక్కులు రాసిచ్చిన కాగితంలో కాలపరిమితి లేకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు లెక్క అని అది చెబుతుంది. అంటే టీచరమ్మ అగ్రిమెంటులో కాలం మాటే లేకుంటే, 2018లోనే హక్కులు ఆమె ఇంటికి వచ్చేసేవి. నా దాకా రావలసిన పనే ఉండేది కాదు.

కానీ మూడో క్లాజులో 'కాపీరైట్ అమలులో ఉన్నంత కాలం' అని ఉంది. చదవడానికి మామూలు మాటే. అర్థం మాత్రం రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు. ఆమె మనవళ్లు ముసలివాళ్లయ్యే దాకా అన్నమాట. ఈ మాట చెబితే ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక మిగిలింది తొమ్మిదో క్లాజు. 'పుస్తకం అవుట్ ఆఫ్ ప్రింట్ అయినచో రచయిత కోరికపై హక్కులు తిరిగి రచయితకు చెందును.' చూడడానికి బాగుంది. అయితే అవుట్ ఆఫ్ ప్రింట్ అంటే ఏమిటో ఆ అగ్రిమెంటులో ఎక్కడా రాయలేదు. గొడవంతా అక్కడే.

ఒకప్పుడు ఇందులో తగాదా ఉండేది కాదు. వెయ్యి కాపీలు అచ్చేస్తారు, గోడౌన్‌లో పెడతారు. ఆఖరి కట్ట బయటికి పోయిన రోజున పుస్తకం అయిపోయినట్టు. ఇప్పుడు ప్రింట్ ఆన్ డిమాండ్ వచ్చింది. పుస్తకం ఫైలు రూపంలో కంప్యూటర్లో ఉంటుంది, ఎవరైనా ఆర్డరు పెడితే అప్పుడు ఒక్క కాపీ అచ్చవుతుంది. గోడౌన్ ఖాళీగా ఉన్నా, ఆన్‌లైన్‌లో ఒక పేజీ ఉన్నంత కాలం పుస్తకం 'దొరుకుతోంది' అనవచ్చు. ఈ లెక్కన పుస్తకం ఎప్పటికీ అయిపోదు. పబ్లిషరు మార్కెట్లో ఉందన్నది ఈ అర్థంలోనే. అది అబద్ధం కాదు, అలాగని పుస్తకం నిజంగా బతికి ఉన్నట్టూ కాదు.

అందుకే రాయల్టీ కాగితాలు ముందు వేసుకున్నాం. ఒక ఏడాది 22 కాపీలు, మరుసటి ఏడాది ఆరు, ఆ పై ఏడాది తొమ్మిది అమ్ముడుపోయాయి. పుస్తకం వెల 150 రూపాయలు, రాయల్టీ పది శాతం. తొమ్మిది కాపీలకు 135 రూపాయలు రావాలి. ఆమెకు వచ్చింది 81.

ఎందుకు తగ్గింది? అగ్రిమెంటులో పది శాతం అన్నారు గానీ దేని మీద పది శాతమో చూడాలి. అక్కడ 'నికర రాబడిపై' అని ఉంది. దుకాణాలకు, పంపిణీదారులకు 40 శాతం తగ్గించి ఇస్తే 150 రూపాయల పుస్తకానికి పబ్లిషరు చేతికి వచ్చేది 90. దాని మీద పది శాతం తొమ్మిది రూపాయలు. ముఖవెల మీద అయితే పదిహేను. మొదటి వెయ్యి కాపీల మీదే ఆరు వేల రూపాయల తేడా. నికర రాబడి మీద లెక్క కట్టడం మోసమేమీ కాదు, అలా రాసుకునే పబ్లిషర్లు చాలామంది ఉన్నారు. అయితే ముఖవెల మీద పది శాతంతో సమానం కావాలంటే, ఈ డిస్కౌంటు దగ్గర నికర రాబడి మీద దాదాపు పదిహేడు శాతం అడగాలి. పది అంటే పదే కదా అనుకుని సంతకం పెట్టేస్తారు.

మళ్లీ హక్కుల సంగతికి వద్దాం. పబ్లిషరు హక్కును సరిగా వాడుకోకపోతే, ఆ తప్పు రచయితది కానప్పుడు, కోర్టుకు వెళ్లి రాసిచ్చిన హక్కులను రద్దు చేయించుకునే దారి చట్టంలో ఉంది. కాకపోతే హక్కులిచ్చిన తేదీ నుంచి అయిదేళ్లు నిండాలి. ఈ కేసులో నిండాయి. కానీ ఏడాదికి 81 రూపాయలు తెచ్చే నవల కోసం కోర్టు మెట్లెక్కమని నేను చెప్పలేదు. నాకు ఫీజు వచ్చే పనే అయినా చెప్పలేదు.

ముందు ఒక ఉత్తరం రాశాం. ఇప్పటిదాకా ఎన్ని కాపీలు అచ్చేశారు, ఎన్ని అమ్మారు, ఎన్ని వాపసు వచ్చాయి, ఈ రోజు స్టాకు ఎంత ఉందో రాతపూర్వకంగా చెప్పమన్నాం. ఫోన్లో అడిగితే 'ఉన్నాయమ్మా, చూసి చెబుతాం' అనే జవాబు తప్ప ఇంకేం రాదు. ఉత్తరం రాసి పోస్టులో పంపితే అంకెలు వస్తాయి. మూడు వారాల తర్వాత వచ్చాయి. స్టాకు 14 కాపీలు, అవీ బైండింగు పాడైనవి.

ఆ అంకెలు పట్టుకుని రెండో ఉత్తరం, అంటే అసలు నోటీసు పంపాం. తొమ్మిదో క్లాజు ప్రకారం పుస్తకం అయిపోయినట్టే భావిస్తున్నాం, ఆరు నెలల్లో కనీసం 300 కాపీలు మళ్లీ అచ్చేసి దుకాణాలకు పంపండి, లేదంటే హక్కులు తిరిగి ఇచ్చేయండి అన్నాం. ఈ ఆరు నెలల గడువు అగ్రిమెంటులో లేదు, మేమే ఇచ్చాం. పబ్లిషరు ముందు రెండు దారులు పెడితే ఏదో ఒకటి ఎంచుకుంటాడు. ఒట్టి 'నా హక్కు నాకియ్యి' అంటే మొండికేస్తాడు. 300 కాపీలకు కాగితం, అచ్చు, బైండింగు ఖర్చు లెక్కేసుకున్నాక ఆయనకూ సంగతి అర్థమైంది. రెండో నెలలోనే, ఇప్పట్లో వేయలేం, హక్కులు ఇచ్చేస్తాం అని జవాబు రాశారు.

ఇక్కడ ఆగిపోకూడదు. 'ఇచ్చేస్తాం' అంటే ఇచ్చినట్టు కాదు. సంతకంతో ఒక పత్రం కావాలి. ఫలానా తేదీ నుంచి ఈ నవల మీద అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం అన్ని హక్కులూ రచయితవే అని, ఆన్‌లైన్ పేజీని ముప్పై రోజుల్లో తీసేస్తామని అందులో రాయించాం. ఆ 14 కాపీలను ఆమెకే తక్కువ ధరకు ఇచ్చారు.

ఆ పత్రం రాసేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మధ్యలో ఎప్పుడో ఆ పబ్లిషరు ఈ నవల కన్నడ అనువాదానికి ఒకరికి అనుమతి ఇచ్చి ఉన్నారు. ఆమెకు తెలియనే తెలియదు. "నేను కన్నడం ఎప్పుడిచ్చిన?" అన్నారు. అగ్రిమెంటులో 'సమస్త హక్కులు' అన్న మాటతో ఇచ్చేశారు మరి. హక్కులు వెనక్కి వచ్చినా, అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చిన అనుమతిని మధ్యలో తెంపలేం. కన్నడం వాళ్లు వాళ్ల గడువు దాకా అమ్ముకుంటారు. ఇక నుంచి అందులో ఆమె వాటా నేరుగా ఆమెకే రావాలని మాత్రం రాయించగలిగాం.

నిజానికి పుస్తకం అచ్చేయడానికి పబ్లిషరుకు కావలసింది తెలుగులో అచ్చు హక్కు. సినిమా, నాటకం, అనువాదం, ఆడియో, ఇలా రేడియోలో చదవడం, ఇవన్నీ వేర్వేరు హక్కులు. ఇచ్చినవి ఒక్కొక్కటిగా రాసి, 'ఇందులో పేర్కొనని హక్కులన్నీ రచయితవే' అన్న వాక్యం చేరిస్తే చాలు. ఇచ్చిన హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే అది రద్దయినట్టే అని కూడా 19వ సెక్షన్ అంటుంది. అయితే అగ్రిమెంటులో వేరేలా రాసుకుంటే ఆ రక్షణ పోతుంది. చాలా అచ్చు నమూనాల్లో అలా రాసేసే ఉంటారు, చివరి పేజీలో. ఆమె కాగితంలోనూ ఉంది.

కరీంనగర్ వాళ్లతో కొత్త అగ్రిమెంటు నేనే రాశాను. కాలం అయిదేళ్లు. తెలుగు అచ్చు హక్కు, ఈ-బుక్ హక్కు మాత్రమే. రాయల్టీ ముఖవెల మీద పది శాతం, ఈ-బుక్ మీద అయితే వచ్చిన సొమ్ములో పాతిక శాతం. ఏడాదికి రెండుసార్లు లెక్క. ఇక అవుట్ ఆఫ్ ప్రింట్ అంటే ఏమిటో ఈసారి అంకెల్లో పెట్టాం. వరసగా రెండేళ్లు, ఏటా 40 కాపీలకు తక్కువ అమ్ముడైతే పుస్తకం అయిపోయినట్టే. ఆ లెక్కలోకి ఈ-బుక్, ప్రింట్ ఆన్ డిమాండ్ కాపీలు రావు. రచయిత నోటీసిచ్చాక ఆరు నెలల్లో మళ్లీ వేయకపోతే, ఎవరి ఉత్తరంతోనూ పని లేకుండా హక్కులు వాటంతటవే తిరిగి వస్తాయి. మొదట మేం 50 కాపీలు అన్నాం, ఎక్కువని వాళ్లు 30 అన్నారు, చివరికి 40 దగ్గర కుదిరింది.

అంతా అయ్యాక ఒక చిక్కు మిగిలింది. ఆమెకు తిరిగి వచ్చింది నవల, అంటే ఆమె రాసిన మాటలు. ముఖచిత్రం వేయించింది, పేజీలు డీటీపీ చేయించింది పాత పబ్లిషరు. ఆ ఫైళ్లు ఇవ్వాలని అగ్రిమెంటులో లేదు. బతిమాలితే పేజ్‌మేకర్ ఫైలు ఇచ్చారు, కానీ అది పాత అను ఫాంట్లలో ఉంది. ఇప్పుడు ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు, వట్రసుడులు అక్కడక్కడా చెదిరిపోయాయి. ఇప్పుడు టీచరమ్మ ఇంట్లో పొద్దున పూట అదే పని. ఆమె పాత పుస్తకం చదువుతూ ఉంటే మనవరాలు కంప్యూటర్లో తప్పులు దిద్దుతోంది. మొన్న ఫోన్ చేస్తే పదకొండో అధ్యాయంలో ఉన్నామన్నారు. కొత్త అగ్రిమెంటులో చివరి క్లాజుగా, హక్కులు తిరిగి వచ్చే రోజున యూనికోడ్ ఫైలు కూడా ఇవ్వాలని చేర్చాం.

నమస్కారం.