అర్ధ వ్యయమా, అర్థ వ్యయమా?

సభకు నమస్కారం. వ్రాతప్రతులను పండితుల చేత పోల్పించి, పాఠభేదాలు తేల్చిన బ్రౌన్ దొర నివసించిన కడపలో ప్రూఫు దిద్దడం గురించి మాట్లాడే అవకాశం దక్కినందుకు సంతోషిస్తున్నాను. ఈ రోజు ఒత్తులు మారితే అర్థం మారే జంట పదాల గురించే చెబుతాను.

కొంతకాలం క్రితం ఒక సంఘం వారి ఒప్పంద పత్రం నా దగ్గరికి వచ్చింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: ‘ప్రదాన కార్యదర్శి చేతుల మీదుగా పురస్కార ప్రధానం జరుగును, ఆహుతుల భోజనానికయ్యే అర్థ వ్యయమును సంఘం భరించును.’ ఇందులోని మాటలన్నీ నిఘంటువులో ఉన్నవే కనుక కంప్యూటరు ఒక్కదాని కిందా ఎర్రగీత వేయలేదు.

మొదటి రెండు తప్పులు తేలికగానే తేలాయి. ప్రదానం ‘దా’ ధాతువు నుంచి వచ్చింది, దానానికి చుట్టం, కాబట్టి అది ఇవ్వడం. ప్రధానం అంటే ముఖ్యమైనది. ఆ స్థానంలో ‘ఇవ్వడం’, ‘ముఖ్య’ అనే మాటలు పెట్టి చదివితే ఏది ఎక్కడ ఉండాలో వెంటనే తెలుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ద, ధ రెండూ ఒకే మీట మీద ఉంటాయి. షిఫ్ట్ నొక్కడంలో వేలు తడబడితే చాలు, ఈ పొరపాటు జరుగుతుంది. ఇక ఆహుతి హోమంలో వేసేది, ఆహూతులు పిలుపు అందుకున్నవారు. భోజనానికి పిలిచిన అతిథులను అగ్నికి అర్పించినట్టు రాయడం ఎంత అపచారమో వేరే చెప్పనక్కరలేదు.

నన్ను నిజంగా ఆపినది ‘అర్థ వ్యయం’. అర్ధం అంటే సగం, అర్థం అంటే ఇక్కడ ధనం. ‘అర్ధ వ్యయం’ అయితే సంఘం సగం ఖర్చు పెట్టుకుంటుంది. ‘అర్థ వ్యయం’ అయితే డబ్బు ఖర్చంతా సంఘం మీదే పడుతుంది. వాక్యం రెండు విధాలా పొసగుతుంది కనుక ఇక్కడ మాట మార్చి చదివే ఉపాయం పనిచేయదు. ఒకరు చదువుతుంటే మరొకరు మూలంతో పోల్చే పద్ధతీ చాలదు, ఎందుకంటే మన మాటల్లో థ, ధ తేడా సాధారణంగా వినిపించదు; చదివేవారు ‘చుక్క లేని ధ’, ‘చుక్క ఉన్న థ’ అని విడమరచి చెప్పాలి. రకారం కింద వత్తుగా చేరినప్పుడు థ లోపలి చుక్క మరీ చిన్నదవుతుంది, జిరాక్స్ ప్రతిలో అది పూడిపోతే కంటికి కూడా ఆనదు. అందుకే నేను అసలు ఫైలు తెప్పించి, తెర మీద అక్షరాన్ని పెద్దది చేసి చూశాను. టైపు చేసినది చుక్క ఉన్న థకారమే.

అయినా నేను దాన్ని దిద్దలేదు, అలాగే వదలనూ లేదు. వాక్యం పక్కన ప్రశ్నార్థకం వేసి, తీర్మానాల పుస్తకం చూపించమని కార్యదర్శిగారిని అడిగాను. అందులో ‘భోజనాల ఖర్చులో సగం’ అని తేటతెలుగులో రాసి ఉంది. అప్పుడు ‘అర్ధ వ్యయము’ అని దిద్దడానికి బదులు, ఆయన సమ్మతితో, ‘వ్యయంలో సగం’ అని మార్చి, మార్జిన్‌లో ఇద్దరం పొట్టి సంతకాలు చేశాం.