ఇస్తానంటూనే వాయిదాలు వేసే పార్టీకి ఫోన్ ఎలా చేయాలి

నమస్కారం. బాకీ లేదని ఎన్నడూ అనరు, ఫోన్ ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, "వచ్చే వారం తప్పకుండా వేస్తానండీ" అంటూనే నెల గడిపేస్తారు. అలాంటి పార్టీతో ఏం మాట్లాడాలో ఈ వీడియోలో చూద్దాం. కాదనేవారికన్నా వీరి దగ్గర వసూలు కష్టమని నా అభిప్రాయం, ఎందుకంటే గట్టిగా అడగడానికి మనకే మొహమాటం అడ్డొస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్, పచ్చళ్లు ప్యాక్ చేసే ఒక సంస్థకు జూన్ 3న సరుకు పంపింది. బిల్లు 1,84,000 రూపాయలు, గడువు 30 రోజులు. డబ్బు జూలై 8న వేస్తామన్నారు, తర్వాత 15 అన్నారు, ఆ తర్వాత 22 అన్నారు. ఈరోజు జూలై 24.

ఫోన్ చేసేముందు బిల్లు నంబరు, సరుకు ముట్టినట్టు సంతకం ఉన్న చలానా, ఆ మూడు తేదీలు ఒకే కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, చెల్లింపు నిర్ణయించగల మనిషికే చేయండి. అకౌంటెంటుకు చేస్తే "సార్‌కు చెప్తానండీ" అన్న మాట తప్ప మరేమీ రాదు.

"నమస్కారమండీ. జూన్ 3 నాటి బిల్లు, లక్షా ఎనభై నాలుగు వేల గురించి చేశాను. జూలై 8, 15, 22 తేదీల్లో వేస్తామన్నారు, ఇంకా రాలేదు. ముందుగా ఒక్క మాట చెప్పండి, సరుకులో గానీ బిల్లులో గానీ ఏమైనా తేడా ఉందా?"

ఈ ప్రశ్న మొదటే ఎందుకంటే, కొందరు పెట్టెలు తడిసి వచ్చాయన్న అసంతృప్తిని మనసులో పెట్టుకుని, అది చెప్పకుండా డబ్బు ఆపుతారు. ఉందంటే ఆ పెట్టెల విలువ వరకు పక్కన పెట్టి, మిగతాది ఈరోజే అడగవచ్చు. లేదంటే, రేపు ఆ వంకతో ఆపడానికి ఆయనకు వీలు తగ్గుతుంది.

"అబ్బే, ఏం లేదండీ. మాకు రావలసినవి రాలేదు. సోమవారం వేసేస్తాను."

ఇక్కడే చాలామంది "సరేనండీ" అని ఫోన్ పెట్టేస్తారు, నాలుగో వాయిదా అలా పుడుతుంది. "ఎప్పుడు వేస్తారు" అని అడిగినంతకాలం జవాబుగా ఒక రోజు పేరే వస్తుంది. అడగవలసింది ఈరోజు ఎంత వస్తుంది, ఏ దారిన వస్తుంది అన్నది.

"అర్థమైందండీ. మీకు రావలసినవి ఎప్పుడు వచ్చినా, మీ చేతిలో ఉన్నదాంట్లోంచి ఈరోజు ఎంత వేయగలరు?"

ఇలా అడిగాక మౌనంగా ఉండండి. ఆ నాలుగైదు క్షణాలు ఇబ్బందిగా ఉంటాయి కానీ, మనమే తొందరపడి "పోనీ పదివేలైనా" అన్నామంటే ఆయన పదివేలతోనే సరిపెడతారు.

"ఈరోజంటే... ఒక అరవై వేలు చూస్తానండీ. కానీ బ్యాంకు టైం అయిపోతుందేమో."

"ఫర్వాలేదండీ, నెఫ్ట్ 24 గంటలూ పనిచేస్తుంది. సాయంత్రం అయిదింటిలోపు వేసి యూటీఆర్ నంబరు పంపండి. మిగతా లక్షా ఇరవై నాలుగు వేలు సగం జూలై 31న, సగం ఆగస్టు 7న వేసుకుందామా?"

నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి సెలవు రోజుల్లో కూడా నడుస్తోంది కనుక బ్యాంకు మూసేశారన్న మాట ఇప్పుడు చెల్లదు. "వేసేశాను, ఇంకా రాలేదా?" అన్న జవాబుకు కూడా, ప్రతి బదిలీకి బ్యాంకు ఇచ్చే ఈ యూటీఆర్ నంబరు అడగడమే మందు.

ఫోన్ పెట్టిన అయిదు నిమిషాల్లో వాట్సాప్‌లో ఇలా పంపండి: "మనం మాట్లాడుకున్న ప్రకారం బకాయి 1,84,000. ఈరోజు 60,000, జూలై 31న 62,000, ఆగస్టు 7న 62,000. సరేనని ఒక్క మాట రాయగలరు." ఆయన రాసే "ఓకే" బాకీ ఉందని ఒప్పుకున్నట్టు చూపే రాత అవుతుంది, రేపు అవసరమైతే పనికొస్తుంది.

సాయంత్రం 5.15కు నంబరు రాకపోతే అప్పుడే మళ్లీ చేయండి. మర్నాటికి ఆగితే, మన తేదీలకు విలువ లేదని మనమే చెప్పినట్టు. ఆ కాల్‌లో స్వరం పెంచకుండా ఇలా చెప్పండి:

"పాత బిల్లు తేలేదాకా కొత్త లోడు ఆపుతున్నానండీ. మా యూనిట్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, మీరు సరుకు తీసుకుని 45 రోజులు దాటింది, చట్టప్రకారం వడ్డీ కూడా లెక్కలోకి వస్తుంది. అంతదాకా వెళ్లకుండా ఇవాళే తేల్చుకుందాం."

ఈ 45 రోజుల గరిష్ఠ గడువు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోనిది. వడ్డీ రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. అయితే ఇది తయారీ, సేవల రంగాల్లోని సూక్ష్మ, చిన్న సంస్థలకే. కొని అమ్మే వ్యాపారులైతే ఈ వాక్యం వదిలేసి, లోడు ఆపడం వరకే చెప్పండి.