యాప్‌లో 28 వేలు, కంపెనీలో 20 వేలు: ఎవరి చేతికి ఎంత?

[స్క్రీన్ మీద: హైదరాబాద్ రోడ్డు, సిగ్నల్ దగ్గర ఆగిన డెలివరీ బైకులు]

ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరున్నారనుకుందాం. అన్న హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తాడు. తమ్ముడు మేడ్చల్ దగ్గర ఒక గోడౌన్‌లో స్టాక్ లెక్కలు చూస్తాడు. అన్నకి యాప్ నుంచి నెలకి ఇన్సెంటివ్‌లతో కలిపి 28 వేలు వస్తున్నాయి. తమ్ముడి జీతం 20 వేలు. చుట్టాలొచ్చినప్పుడల్లా ఒకటే మాట, "నువ్వు కూడా బండి ఎక్కరా, ఆ గోడౌన్‌లో ఏముంది?" అని.

ఏముందో లెక్కేసి చూద్దాం. ఈ అంకెలు నేను ఉదాహరణకి తీసుకున్నవి. మీ బండి మైలేజీ, మీ ఏరియా బట్టి మార్చుకోండి.

[స్క్రీన్ మీద: 28,000]

అన్న నెలకి 26 రోజులు, రోజుకి 100 కిలోమీటర్లు తిరుగుతాడు. అంటే 2,600 కిలోమీటర్లు. బండి లీటరుకి 45 ఇస్తే దాదాపు 58 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 107 చొప్పున 6,200 రూపాయలు. అంత తిరిగే బండికి ఇంజిన్ ఆయిల్ ఇంచుమించు ప్రతి నెలా మార్చాల్సిందే. సర్వీసింగ్‌తో కలిపి వెయ్యి. టైర్లు, బ్రేకులకి సగటున నెలకి 400. ఫోన్ రీఛార్జ్ 350.

ఇక చాలామంది లెక్కలోకి రానిది బండి అరుగుదల. 90 వేలు పెట్టి కొన్న బండిని నాలుగేళ్లు ఇలా తిప్పితే, అమ్మేటప్పుడు 30 వేలు వస్తే గొప్ప. పోయిన 60 వేలని 48 నెలలకి పంచితే నెలకి 1,250. ఈ డబ్బు జేబులోంచి రోజూ పోదు కాబట్టి నొప్పి తెలియదు. బండి మూలపడ్డ రోజున ఒక్కసారే తెలుస్తుంది.

[స్క్రీన్ మీద: 28,000 – 9,200 = 18,800]

మొత్తం ఖర్చు 9,200. మిగిలింది 18,800.

తమ్ముడి స్లిప్ చూద్దాం. బేసిక్ 15 వేలు, మిగతావి కలిపి 20 వేలు. పీఎఫ్ కింద 1,800, ఈఎస్ఐ కింద 150, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 కట్ అయ్యాక చేతికి 17,900. అన్నే 900 ముందున్నాడు కదా అంటారా? గంటలు కూడా చూడండి. ఆర్డర్ల మధ్య ఖాళీగా నిలబడ్డ టైమ్‌తో కలిపి అన్న రోజుకి 11 గంటలు రోడ్డు మీదే ఉంటాడు. గంటకి 66 రూపాయలు పడుతుంది. తమ్ముడు ఎనిమిది గంటల డ్యూటీ చేస్తాడు. అతనికి గంటకి 86.

పైగా తమ్ముడికి కట్ అయిన 1,800 ఎక్కడికీ పోలేదు, అతని పీఎఫ్ ఖాతాలోనే ఉంది. దానికి కంపెనీ తన వైపు నుంచి ఇంకో 1,800 కలుపుతుంది. అందులో 1,250 పెన్షన్‌కి పోతుంది, 550 పీఎఫ్‌లో పడుతుంది. ఈఎస్ఐకి కంపెనీ వేరేగా 650 కడుతుంది. అంటే స్లిప్‌లో కనిపించే 20 వేల మీద ఇంకో 2,450. అక్కడే ఐదేళ్లు చేస్తే గ్రాట్యుటీ కూడా ఉంటుంది. 15 వేల బేసిక్‌కి ఏడాదికి సుమారు 8,650 లెక్కన.

[స్క్రీన్ మీద: వాన, జారిన బండి, కట్టు కట్టిన చెయ్యి]

మామూలు నెలలో ఇదీ తేడా. అసలు తేడా బయటపడేది చెయ్యి విరిగినప్పుడు. వానలో ఇద్దరి బళ్లూ జారాయి, మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు.

తమ్ముడు డ్యూటీకి వెళ్తూ పడ్డాడు. ఇంటికీ పని చోటికీ మధ్య జరిగిన ప్రమాదాన్ని కూడా ఈఎస్ఐ పనిలో జరిగినట్టే చూస్తుంది, దారికీ పనికీ సంబంధం ఉంటే చాలు. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యానికి పైసా కట్టక్కర్లేదు. పని చేయలేని రోజులకి జీతంలో 90 శాతం వస్తుంది. ఆరు వారాలకి సుమారు 25 వేలు. ఇంట్లో జారిపడి ఉంటే అది మామూలు సిక్‌నెస్ కింద లెక్క. అప్పుడు 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. డబ్బు అడగ్గానే రాదు, డాక్టర్ సర్టిఫికెట్లు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి. కానీ వస్తుంది.

అన్నకి యాప్ ఇచ్చిన ప్రమాద బీమా ఉంది. ఉందని సంతోషపడే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, పడ్డ క్షణంలో ఆర్డర్ నడుస్తోందా? చాలా పాలసీలు లాగిన్‌లో ఉన్న టైమ్‌కే, కొన్నయితే ఆర్డర్ మీద ఉన్న టైమ్‌కే వర్తిస్తాయి. డ్రాప్ చేసి ఇంటికి వస్తూ పడితే పేచీయే. రెండు, ఆసుపత్రిలో అడ్మిట్ అయ్యాడా? కట్టు కట్టి సాయంత్రానికి పంపేస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. పని లేని ఆరు వారాల్లో ఆదాయం మాత్రం దాదాపు సున్నా. ఈఎంఐ తేదీకి ఆ సంగతి తెలియదు.

ఆరోగ్యంగా ఉన్నా స్థిరత్వం లేదు. వారం టార్గెట్‌కి రెండు ఆర్డర్లు తక్కువైతే ఆ స్లాబ్ ఇన్సెంటివ్ మొత్తం పోతుంది. రేటు కార్డు మారితే చెప్పే పద్ధతి ఒక నోటిఫికేషన్. ఐడీ బ్లాక్ అయితే అడగడానికి మేనేజర్ ఉండడు, చాట్ బాక్స్ ఉంటుంది. దీనంతటికీ మూలం ఒప్పందంలోనే ఉంది. అందులో అతను ఉద్యోగి కాదు, 'పార్ట్‌నర్'. (లాభాల్లో వాటా లేని పార్ట్‌నర్, అది వేరే కథ.)

[స్క్రీన్ మీద: 21 నవంబర్ 2025]

చట్టం మారింది కదా అని అడిగేవాళ్లున్నారు. మారింది. 2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అన్నలాంటి గిగ్, ప్లాట్‌ఫామ్ వర్కర్ల పేరు అందులో ఉంది. యాప్ కంపెనీలు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రతా నిధికి కట్టాలి. దానికో గరిష్ఠ పరిమితి పెట్టారు. వర్కర్లకి ఇచ్చే మొత్తంలో 5 శాతం దాటక్కర్లేదు.

దాన్ని అన్న లెక్కలో పెట్టి చూడండి. 28 వేలలో 5 శాతం 1,400. ఎక్కువలో ఎక్కువ అంతే. తమ్ముడి కోసం కంపెనీ కట్టేది 2,450. ఆ 1,400 కూడా అన్న పేరున ఖాతాలో పడదు. ఉమ్మడి నిధిలోకి వెళ్తుంది, అందులోంచి పథకాలు వస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో గిగ్ వర్కర్లకి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. మంచిదే, కానీ విరిగిన చేతికి ఆరు వారాల జీతం ఇచ్చే ఏర్పాటు వేరు.

ఇంత చెప్పాక గోడౌన్ ఉద్యోగమే స్వర్గం అనుకోకండి. పీఎఫ్, ఈఎస్ఐ లేకుండా కాంట్రాక్టర్ చేతికి డబ్బులిచ్చి పంపే 'జీతం ఉద్యోగాలు' మన చుట్టూ బోలెడు. అలాంటి 15 వేల పని కంటే బండి నయం. వారం వారం డబ్బు పడుతుంది, ఊరెళ్లాలంటే ఎవరినీ బతిమాలక్కర్లేదు. కాబట్టి ఉద్యోగంలో చేరేటప్పుడు జీతంతో పాటు పీఎఫ్‌కి ఇచ్చే యూఏఎన్ నంబర్, ఈఎస్ఐ నంబర్ అడగండి. రెండు నెలల తర్వాత పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. స్లిప్‌లో కట్ చేసి అక్కడ జమ చేయనివాళ్లు ఉంటారు.

బండి మీదున్నవాళ్లు అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకి వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి 2 లక్షల దాకా ఇస్తుంది, లాగిన్‌లో ఉన్నారా లేదా అని అడగదు. ఒక్క జాగ్రత్త: ఈ-శ్రమ్ కార్డు మీద కూడా 12 అంకెల యూఏఎన్ ఉంటుంది. అది చూసి పీఎఫ్ వచ్చేసిందనుకోకండి. పీఎఫ్ యూఏఎన్ వేరు, ఈ కార్డు నంబర్ వెనకాల పీఎఫ్ డబ్బు ఏమీ ఉండదు.