బ్యాంకు పేరుతో వచ్చిన లింకును నొక్కితే ఏం చేయాలి?

నమస్కారం. మీ ఫోనుకు బ్యాంకు పేరుతో వచ్చిన సందేశం నిజమైనదో కాదో తెలుసుకోవడం ఎలాగో, పొరపాటున లింకు నొక్కితే ఏ పని ముందు, ఏ పని తరువాత చేయాలో ఈ వీడియోలో చూద్దాం. వీడియోలో ఎక్కువ భాగం రెండవ విషయానికే కేటాయించాను, ఎందుకంటే డబ్బు పోవడమో నిలవడమో నిర్ణయమయ్యేది చాలాసార్లు నొక్కిన తరువాత గడిచే మొదటి గంటలోనే.

ముందుగా తెర మీద ఉన్న సందేశాన్ని చూడండి. 'ప్రియమైన ఖాతాదారు, మీ కేవైసీ గడువు ముగిసింది, ఈ రాత్రికి మీ ఖాతా నిలిపివేయబడుతుంది, వెంటనే ఈ లింకు ద్వారా పాన్ నంబరు నమోదు చేయండి' అని ఇందులో ఉంది. ఇది పది అంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చింది. మన దేశంలో బ్యాంకులు ఖాతా వివరాల ఎస్ఎంఎస్‌లను ఇలాంటి నంబర్ల నుంచి పంపవు, నమోదు చేసుకున్న హెడర్ల నుంచి పంపుతాయి. హెడర్ అంటే `AD-XXBANK-S` వంటి రూపంలో, నంబరు ఉండాల్సిన చోట కనిపించే పేరు. చివరి అక్షరం సందేశం రకాన్ని చెబుతుంది: `S` సేవలకు, `T` లావాదేవీలకు, `P` ప్రచారానికి, `G` ప్రభుత్వానికి సంబంధించినవి. కాబట్టి మొబైల్ నంబరు నుంచి 'బ్యాంకు' మాట్లాడితే ఆ సందేశాన్ని అక్కడికక్కడే వదిలేయవచ్చు. అయితే హెడర్ సరిగ్గా ఉన్నంత మాత్రాన సందేశం నిజమని అనుకోకూడదు. మోసగాళ్లు నకిలీ టవరు వంటి పరికరంతో హెడర్‌ను కూడా అనుకరించగలరు. అప్పుడు ఆ సందేశం మీ బ్యాంకు పంపిన పాత సందేశాల వరుసలోనే వచ్చి కూర్చుంటుంది.

అందువల్ల అసలు పరీక్ష లింకులోనే ఉంటుంది. లింకును తెరవకుండా, దానిపై వేలు నొక్కి పట్టుకొని కాపీ చేసి, నోట్స్ యాప్‌లో అతికించి చదవండి. ఈ చిరునామాను గమనించండి.

```
https://sbi.bank.in.kyc-help.example/login
```

ఎడమ నుంచి చదివితే బ్యాంకు పేరే ముందు కనిపిస్తుంది, మోసమంతా అక్కడే ఉంది. `https://` తరువాత వచ్చే మొదటి `/` గీటును వెతికి, అక్కడి నుంచి వెనక్కి, అంటే కుడి నుంచి ఎడమకు చదవండి. గీటుకు ఆనుకొని ఉన్నది `kyc-help.example` కాబట్టి ఈ సైటు యజమాని అదే, దానికి ముందున్న బ్యాంకు పేరు ఎవరైనా తగిలించుకోగల అలంకారం మాత్రమే. `example` అనే చివరి భాగాన్ని నేను చూపించడం కోసం పెట్టాను, అసలు మోసపు లింకుల్లో అక్కడ `top`, `xyz` వంటివి ఎక్కువగా కనిపిస్తాయి. తాళం గుర్తును చూసి ధైర్యపడవద్దు. మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య సమాచారం గోప్యంగా వెళుతోందని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది, అటువైపు ఉన్నది దొంగా దొరా అనేది చెప్పదు.

ఈ విషయంలో ఇటీవల ఒక మంచి మార్పు వచ్చింది. దేశంలోని బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా `.bank.in` చిరునామాలకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఈ పేర్లను నమోదు చేసే అధికారం హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీకే ఉంది, అది వాటిని బ్యాంకులకే ఇస్తుంది. అందుచేత మొదటి గీటుకు ముందు సరిగ్గా `sbi.bank.in` లాగా ముగిసే చిరునామాను నమ్మవచ్చు. అయినా నా సలహా ఏమిటంటే, సందేశం నిజమైనదైనా సరే లింకు నొక్కవలసిన అవసరం లేదు. మీ బ్యాంకు యాప్‌ను మీరే తెరిచి చూడండి, నిజంగా కేవైసీ బాకీ ఉంటే అక్కడ కనిపిస్తుంది, లేదా శాఖకు వెళితే చెబుతారు.

ఇప్పుడు నొక్కిన తరువాతి సంగతికి వద్దాం. ఇందులో మూడు మెట్లు ఉన్నాయి. మీరు పేజీ తెరిచి చూసి వెంటనే మూసివేసి ఉంటే, సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. బ్రౌజర్ చరిత్రను తుడిచి, డౌన్‌లోడ్స్‌లో మీకు తెలియని ఫైలు ఏదైనా చేరిందేమో చూసి, ఉంటే తెరవకుండా తొలగించండి. ఆ పేజీలో కార్డు నంబరో, పాస్‌వర్డో, ఓటీపీయో రాసి ఉంటే అది రెండవ మెట్టు, అప్పుడు బ్యాంకుకు వెంటనే ఫోన్ చేయాలి. మూడవది అన్నింటికంటే ప్రమాదకరమైనది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వాట్సాప్ గ్రూపుల ద్వారా ఇళ్లలోకి వస్తున్నదీ ఇదే. లింకు బదులు `.apk` అనే ఫైలు వస్తుంది, దాన్ని నొక్కితే ఒక యాప్ ఫోనులో చేరుతుంది.

ఒక ఉదాహరణను చివరిదాకా అనుసరిద్దాం. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు ఉన్నారనుకోండి. రెండవ శనివారం సాయంత్రం, బ్యాంకు మూసి ఉన్న వేళ, ఆయన పాత విద్యార్థుల గ్రూపులోకి బ్యాంకు పేరు, ఆధార్ అప్‌డేట్ అనే మాటలు ఉన్న ఏపీకే ఫైలు వచ్చింది. పంపినది తెలిసినవారి నంబరే కాబట్టి ఆయన అనుమానించలేదు. నిజానికి ఆ తెలిసినవారి ఫోను అంతకుముందే మోసగాళ్ల చేతిలో పడింది, ఫైలు దానంతట అదే అందరికీ వెళుతోంది. ఫోను 'తెలియని చోటి నుంచి వచ్చిన యాప్' అని హెచ్చరించినా ఆయన అనుమతి ఇచ్చారు. ఆ తరువాత యాప్ ఎస్ఎంఎస్‌లు చదవడానికీ పంపడానికీ అనుమతి అడిగింది, దానికీ సరే అన్నారు. తెర మీద బ్యాంకు గుర్తుతో ఒక ఫారం వచ్చి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ అడిగింది.

ఆ రెండు వివరాలనే ఎందుకు అడిగిందో అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. కొత్త ఫోనులో యూపీఐ మొదలుపెట్టేటప్పుడు ఖాతాకు జోడించిన సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ వెళ్లాలి, ఆ ఎస్ఎంఎస్సే 'ఈ నంబరు నాదే' అనడానికి రుజువు. మోసగాడి దగ్గర మాస్టారి సిమ్ లేదు, కానీ మాస్టారి ఫోనులోని యాప్ ఆ ఎస్ఎంఎస్‌ను ఆయనకు తెలియకుండా పంపగలదు. ఇక యూపీఐ పిన్ కొత్తగా పెట్టుకోవడానికి కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ కావాలి. మొదటి రెండూ ఫారంలో దొరికాయి, మూడవదాన్ని యాప్ చదివి పంపేస్తుంది. ఆయన ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, అయినా ఖాతా ఖాళీ అవుతుంది. 'ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు' అన్న ప్రచారం మంచిదే గాని, ఇక్కడ అది సరిపోదు. మీ నంబరుపై యూపీఐ నమోదు మొదలైందని మీరు కోరని సందేశం వస్తే, ఇలాంటిది జరుగుతోందని గుర్తించండి.

మాస్టారు చేయవలసిన మొదటి పని ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందని చూసుకోవడం. సందేశాన్ని, పంపిన నంబరును, ఫైలు పేరును ఇంట్లోవారి ఫోనుతో ఫొటో తీసుకోవాలి. ఆ వెంటనే ఫోనును ఆపివేసి సిమ్‌లు రెండూ బయటికి తీసి, బటన్ల ఫోను ఉంటే అందులో వేయాలి. దీనివల్ల ఇకపై వచ్చే ఓటీపీలు ఆ యాప్‌కు అందవు. ఈ-సిమ్ వాడేవారికి ఈ వెసులుబాటు లేదు, వారు ఫోనును ఆపివేసి ఉంచి, వేరే ఫోను నుంచి బ్యాంకుతో మాట్లాడాలి.

ఆ తరువాత డెబిట్ కార్డు వెనుక గాని, పాస్‌బుక్‌లో గాని ముద్రించిన నంబరుకు ఫోన్ చేయాలి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరు మరో మోసగాడిది కావచ్చు. కార్డు ఒక్కటే ఆపితే చాలదు. కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్, మొబైల్ బ్యాంకింగ్ నాలుగూ ఆపమని విడివిడిగా చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ గురించి కూడా అడగాలి, ఎందుకంటే నెట్ బ్యాంకింగ్ చేతికి చిక్కితే మోసగాళ్లు డిపాజిట్‌ను రద్దు చేసి ఆ డబ్బును పొదుపు ఖాతాలోకి తెచ్చుకుంటారు, కొన్నిసార్లు మీ పేరున అప్పు కూడా తీసుకుంటారు.

డబ్బు అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. వెళ్లిన మొత్తం, సమయం, ఖాతా నంబరు, లావాదేవీ సంఖ్య అడుగుతారు. యూపీఐ అయితే అది పన్నెండు అంకెల యూటీఆర్, బ్యాంకు ఎస్ఎంఎస్‌లో ఉంటుంది. ఆ వివరాలతో డబ్బు చేరిన ఖాతాను బ్యాంకు అక్కడే నిలిపివేయగలుగుతుంది. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి మరొకదానికి, అక్కడి నుంచి ఇంకొకదానికి మార్చి చివరికి ఏటీఎంలో తీసేస్తారు, కాబట్టి ఆ వరుస ముగిసేలోపు మీ ఫిర్యాదు చేరాలి. ఫోన్ చేసిన తరువాత `cybercrime.gov.in`లో ఫిర్యాదును పూర్తి చేయడం మరవకండి.

తొందరకు మరొక కారణం రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. ఖాతాదారు తానే వివరాలు ఇచ్చినందువల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే, తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. అందుకే మీరు ఫోన్ చేసిన సమయం, ఫిర్యాదు నంబరు కాగితం మీద ఉండాలి. తప్పు ఖాతాదారుది గాని బ్యాంకుది గాని కాక, వ్యవస్థలో మరెక్కడో జరిగి ఉంటే, మూడు పనిదినాల్లోగా తెలియజేసినవారికి ఏ భారమూ ఉండదు.

చివరిగా ఫోను సంగతి. యాప్ గుర్తు తెర మీద మాయమైనా యాప్ పోలేదని గ్రహించండి, ఇవి తమ గుర్తును దాచుకుంటాయి. నెట్ ఆపే ఉంచి, సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో వెతకాలి. తొలగించడానికి ఒప్పుకోకపోతే `Device admin apps` అనే చోట దాని అనుమతిని తీసివేసి మళ్లీ ప్రయత్నించండి. అంతటితో ఆగకుండా ఫొటోలు, ఫోన్ నంబర్లు మాత్రం భద్రపరచుకొని, ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మంచిదని నా అభిప్రాయం. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మార్చేది రీసెట్ తరువాతే, లేదా వేరే ఫోను నుంచే, లేకపోతే కొత్త పిన్ కూడా ఆ మోసగాడి చేతికే చేరుతుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ అనే చోట తెలియని పరికరం ఉంటే తీసివేసి, మీ పేరుతో వచ్చిన ఫైలును తెరవవద్దని గ్రూపులో తెలియజేయండి. ఆపై కొన్ని రోజులకు 'మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, కొంత రుసుము కట్టండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే, వారికి మీ ఫిర్యాదు నంబరు కూడా చెప్పకుండా పెట్టేసి, వారు ఫోన్ చేసిన నంబరును టెలికం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో, అనుమానాస్పద ఫోన్లు, సందేశాలపై ఫిర్యాదు చేసే చక్షు విభాగంలో నమోదు చేయండి.