మీ గల్లా పెట్టెకి మొదటి దొంగ మీరే!

"అన్నా, మాది గుంటూరులో ఎలక్ట్రికల్ షాపు. నాలుగు కెమెరాలు పెట్టినా నెలకి ఐదారు వేలు తేడా వస్తోంది. గుమాస్తాని తీసేయమంటావా?"

వద్దు తమ్ముడూ. ముందు నువ్వు గల్లాలోంచి చెయ్యి తియ్.

ఆ, తిట్టండి, తిట్టండి. పోయిన వీడియోలో కెమెరాలు దండగ అన్నందుకే కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు కదా, ఈసారి ఇంకో మెట్టు ఎక్కుతున్నాను. మీ గల్లా పెట్టెకి మొదటి దొంగ గుమాస్తా కాదండీ, మీరు! అవును, ఓనరుగారు! మధ్యాహ్నం పెట్రోలుకి 200 తీస్తారు, సాయంత్రం పిల్లాడి ట్యూషన్ ఫీజని 500 తీస్తారు, మేడమ్‌గారు రైతు బజారుకి వెళ్తూ దారిలో ఆగి చేతికందినంత తీసుకెళ్తారు. ఎక్కడా చీటీ ముక్క ఉండదు. రాత్రి లెక్క తేడా వస్తే "నేనే తీసుంటాలే" అని మీకు మీరే సర్ది చెప్పుకుంటారు చూడండి, సరిగ్గా ఆ "తీసుంటాలే" అనే మాట మీదే కౌంటర్లో కుర్రాడు బతుకుతున్నాడు. వాడు 300 నొక్కేసినా మీరు మీ ఖాతాలోనే వేసుకుంటున్నారు!

మా మావయ్యకి విజయవాడ గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ షాపుంది. ఫ్యాన్లు, వైరు కాయిళ్లు, స్విచ్చులు, ఎంసీబీలు. ఆయన షాపులో ఇప్పుడు రాత్రి లెక్క ఎలా కడుతున్నారో ఒక రోజుది చెప్తాను, పెన్ను తీసుకోండి. పొద్దున గల్లాలో ఎప్పుడూ చిల్లరగా 3,000 ఉంటుంది, అమ్మకం బాగున్నా లేకపోయినా అంతే, ఒక్క రూపాయి అటూ ఇటూ కాదు. ఆ రోజు బిల్లులన్నీ కలిపి 41,650. అందులో యూపీఐ 18,240, అరువు 2,500. అంటే నగదు అమ్మకం 20,910. చిల్లర 3,000 కలిపితే 23,910. ఆటోకి 250, టీలకి 130, రెండింటికీ చీటీలున్నాయి, అవి తీసేస్తే గల్లాలో 23,530 ఉండాలి. లెక్కపెడితే 23,030 ఉంది. 500 తక్కువ.

పాత రోజులైతే ఏమయ్యేది? కౌంటర్లో కుర్రాడి మొహం వంక అనుమానంగా చూసి ఊరుకునేవాళ్లు. ఇప్పుడు చీటీ లేకుండా ఎవరూ తీయకూడదని రూలు కాబట్టి పది నిమిషాల్లో తేలింది, అత్తయ్య కూరగాయలకి తీసుకుని చీటీ రాయడం మర్చిపోయింది. చూశారా, దొంగ ఇంట్లోనే దొరికింది! అత్తయ్య ఈ వీడియో చూస్తే నాకు ఈ వారం భోజనం లేదు, అది వేరే సంగతి.

ఇందులో ఒక కిటుకుంది, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. 23,530 ఉండాలనే సంగతి గల్లా లెక్కపెట్టేవాడికి ముందే తెలియకూడదు. ముందు నోట్లు లెక్కపెట్టి, ఐదొందలవి ఎన్ని, రెండొందలవి ఎన్ని అని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే మీరు కంప్యూటర్లో చూడాలి. ముందే అంకె చెప్తే వాడు ఆ అంకె వచ్చేదాకా లెక్కపెడతాడు, ఎక్కువున్నది జేబులోకి పోతుంది. "ఎక్కువ ఎందుకుంటుందండీ?" అంటారేమో. అసలు భయపడాల్సింది అక్కడే! గల్లాలో తక్కువొస్తే చిల్లర ఇవ్వడంలో పొరపాటు కావచ్చు. తరచూ ఎక్కువొస్తోందంటే, బిల్లు కొట్టకుండా అమ్మిన డబ్బు లోపలుంది, తీసుకోడానికి వాడికి ఇంకా సందు దొరకలేదని అనుమానించాలి. అందుకే తేడా వచ్చిన ప్రతిసారీ జీతంలో కోసేయకండి, కోశారంటే రేపటి నుంచి ఆ ఎక్కువని డ్రాయరు మూల దాచి, తక్కువొచ్చిన రోజు పూడుస్తాడు. లెక్క రోజూ సరిపోతుంది, మీరు హాయిగా నిద్రపోతారు!

సరే, ఇప్పుడు అసలు కథ. గల్లా లెక్క పైసాతో సహా సరిపోయినా డబ్బు పోవచ్చు. మావయ్య షాపులో జరిగింది అదే.

రెండేళ్ల క్రితం సంగతి. రాత్రి లెక్క సరిపోతోంది, కానీ ర్యాకులో ఫ్యాన్లు తగ్గుతున్నాయి. కంప్యూటర్లో 14 ఉంటే పైన 13 ఉంటుంది. మావయ్య నెల రోజులు కెమెరాలు చూశాడండీ, భోజనం మానేసి! ఏం కనపడుతుంది? కస్టమర్ వచ్చాడు, ఫ్యాను చూశాడు, 2,150 నగదు ఇచ్చాడు, బిల్లు తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. అంతా పద్ధతిగా ఉంది. దొంగతనం జరిగింది ఆ తర్వాత, కీబోర్డు మీద. కస్టమర్ రోడ్డు దాటగానే ఆ బిల్లుని క్యాన్సిల్ చేశారు, "సరుకు వాపసు" అని. కంప్యూటర్ దృష్టిలో అమ్మకమే లేదు, కాబట్టి గల్లాలో ఉండాల్సిన అంకె కూడా 2,150 తగ్గిపోయింది. ఆ డబ్బు తీసి జేబులో పెట్టుకుంటే రాత్రికి లెక్క సరిగ్గా సరిపోతుంది. ఫ్యాను మాత్రం కంప్యూటర్లోకి తిరిగొచ్చింది, ర్యాకులోకి రాలేదు. 14, 13. అర్థమైందా?

నేను వెళ్లి చేసిందల్లా ఒక్కటే, ఆ నెల క్యాన్సిల్ బిల్లుల రిపోర్టు తీశాను. మొత్తం 11. అందులో తొమ్మిది నగదు బిల్లులు, తొమ్మిదీ ఒంటిగంటన్నరకీ మూడుకీ మధ్య, అంటే మావయ్య భోజనానికి ఇంటికెళ్లే టైము. యూపీఐ బిల్లు ఒక్కటీ లేదు. మరి యూపీఐలో కొన్నవాళ్లు ఎవరూ వాపసు ఇవ్వరా? ఇస్తారు, కానీ ఆ డబ్బు గల్లాలో ఉండదు కదా, తీసుకోడానికి! బిల్లు మీద ఫోన్ నంబర్ ఉంటే ఒకాయనకి ఫోన్ చేశాను. "ఏమండీ, మా దగ్గర కొన్న ఫ్యాను తిరిగిచ్చారా?" అంటే ఆయన "తిరుగుతోందండీ, బ్రహ్మాండంగా తిరుగుతోంది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక పట్టుకున్నాం అనుకున్నాం. ఆ తొమ్మిది బిల్లులూ ఎవరి లాగిన్‌తో క్యాన్సిల్ అయ్యాయో చూస్తే, ఎవరి పేరుంది? మావయ్య పేరు! షాపులో ముగ్గురూ వాడేది ఆయన పాస్‌వర్డే. కొత్తగా చేరిన కుర్రాడికి కూడా మొదటి రోజే చెప్పేశాడు, "నేను లేనప్పుడు బేరం ఆగకూడదు" అని. ఎవర్ని అడుగుతాం? ఎవర్ని తీసేస్తాం? ఒకడు చేశాడో, ఇద్దరు కలిసి చేశారో ఇప్పటికీ తెలియదు. కంప్యూటర్ సాక్ష్యం ప్రకారం దొంగ షాపు ఓనరు. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఏంటండీ మరి!

ఇప్పుడక్కడ ఎవరి లాగిన్ వాళ్లది. బిల్లు కొట్టేవాడి లాగిన్‌కి క్యాన్సిల్ చేసే అధికారం లేదు, అది మావయ్య పాస్‌వర్డ్‌తోనే అవుతుంది, ఆ పాస్‌వర్డ్ అత్తయ్యకి కూడా తెలియదు. క్యాన్సిల్ కావాలంటే కస్టమర్ దగ్గరున్న అసలు బిల్లు వెనక్కి రావాలి, దాని మీద కారణం, ఫోన్ నంబర్ రాసి ఫైల్లో పెట్టాలి. మావయ్య లేకపోతే సరుకు తీసుకుని పక్కన పెడతారు, ఆయనొచ్చాక ఫోన్ చేసి డబ్బిస్తారు. కస్టమర్ విసుక్కుంటాడు, నిజమే. నెలకి ఇద్దరు ముగ్గురు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇంకోటి, బిల్లు నంబర్లు వరసగా ఉండాలి, మధ్యలో ఒక్కటి మాయమైనా అడగాలి. ఇదేదో నేను కనిపెట్టింది కాదు, జీఎస్టీ రూలే అది. మీ ఆడిటర్ వేసే జీఎస్టీఆర్-1లో 13వ టేబుల్ అడగండి, ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా బిల్లులిచ్చారు, ఎన్ని క్యాన్సిల్ చేశారు అని ఉంటుంది. మీ దొంగతనం అంకె మీరే ప్రభుత్వానికి పంపిస్తూ మీరు మాత్రం చూసుకోవట్లేదు.

"మాకు అంతా యూపీఐనే అన్నా, నగదు తక్కువ" అనే బ్యాచ్ ఉంటారు. ఆగండి. 2,150 నగదు తీసుకుని బిల్లులో యూపీఐ అని కొడితే? గల్లా సరిపోతుంది. కౌంటర్ మీద మీ క్యూఆర్ పక్కకి జరిపి వాడి ఫోన్లో క్యూఆర్ చూపిస్తే? గల్లా అప్పుడూ సరిపోతుంది. రెండూ దొరికే చోటు ఒకటే. బిల్లుల్లో ఈ రోజు యూపీఐ 18,240 అని ఉంటే, మీ మర్చంట్ యాప్‌లో ఈ రోజు వచ్చిన మొత్తం కూడా 18,240 ఉండాలి. బ్యాంకులో పడిన దానితో పోల్చకండి, అది మర్నాడు పడొచ్చు, ఛార్జీలేవైనా కోసుకుంటే అంకె మారొచ్చు. యాప్‌లో తేదీ పెట్టి చూడండి, రెండు నిమిషాల పని. ఆ యాప్ మీ ఫోన్లో ఉండాలి, కుర్రాడి ఫోన్లో కాదు.

అసలు బిల్లే కొట్టకుండా అమ్మితే మాత్రం నేను ఇంతవరకూ చెప్పిన ఏ లెక్కలోనూ పడదు. దానికి సరుకు లెక్కే దిక్కు. షాపంతా కాదు, రోజుకి ఐదు రకాలు, ఖరీదైనవి, చేతిలో ఇమిడేవి, రోజూ మార్చి మార్చి. మావయ్య ఎంసీబీలు, ఫ్యాన్లు, కొయ్యని 90 మీటర్ల కాయిళ్లు చూస్తాడు. కోసి మీటర్ల లెక్కన అమ్మే కాయిల్ జోలికి పోడు, అందులో అర మీటరు, పావు మీటరు ఎటూ తేలదు, అనవసరంగా గొడవ. ఏ ఐదు రకాలో ఆ సాయంత్రం దాకా ఎవరికీ చెప్పడు.

ఇక్కడ మీరే ఒక దారి తెరుస్తున్నారు, కోపం రావొద్దు. రిజిస్ట్రేషన్ లేని కస్టమర్ 200 లోపు కొని, బిల్లు అడక్కపోతే విడిగా ఇవ్వక్కర్లేదు, కానీ అలాంటివన్నీ కలిపి రాత్రికి ఒక బిల్లు రాయాలి. మీరేం చేస్తున్నారు? 200 కాదు, 2,000 సరుకు కూడా "ఎస్టిమేట్ చాలులే" అని తెల్ల కాగితం మీద రాసిస్తున్నారు, పన్ను ఎగ్గొట్టడానికి. బిల్లు లేకుండా అమ్మడం కుర్రాడు నేర్చుకున్నది ఎవరి దగ్గరండీ?

కాబట్టి తమ్ముడూ, గుమాస్తా సంగతి నెల తర్వాత మాట్లాడుకుందాం. ఈ రాత్రి చీటీల పుస్తకం ఒకటి కొను, మొదటి చీటీ నీ పేరు మీదే రాయి. క్యాన్సిల్ బిల్లుల రిపోర్టు తీసి, టైములు చూసి కింద కామెంట్ పెట్టు. అన్నట్టు నీ పాస్‌వర్డ్... షాపు పేరు పక్కన 123 కాదు కదా?